6.2 కోట్ల టన్నులు అంటే ఎంత? లారీల వరుసా, ఈఫిల్ టవరా, బకెట్ నీళ్లా?

2022లో ప్రపంచం మొత్తం మీద 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైంది. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో విడుదల చేసిన గ్లోబల్ ఈ-వేస్ట్ మానిటర్ నివేదికలోని అంకె ఇది. పాడైన ఫ్రిజ్‌లు, టీవీలు, ఫోన్లు, చార్జర్లు, ప్లగ్గు లేదా బ్యాటరీ ఉన్న వస్తువులన్నీ ఇందులోకి వస్తాయి.

ఈ వాక్యాన్ని వేదిక మీద నుంచి చెప్పి చూడండి. ముందు వరుసలో ఒక్క ముఖం కూడా మారదు. పొరపాటున 62 లక్షల టన్నులు అన్నా అవే ముఖాలు, 62 కోట్ల టన్నులు అన్నా అవే ముఖాలు. పదిరెట్లు తప్పు చెప్పినా విన్నవాళ్లకు తేడా తెలియలేదంటే, అంకె వాళ్ల చెవి దాకా వెళ్లింది గానీ బుర్రలోకి వెళ్లలేదని అర్థం. అందుకే ఉపన్యాసకులు పోలిక వెతుక్కుంటారు. చిక్కు ఏమిటంటే, ఒకే అంకెకు డజను పోలికలు దొరుకుతాయి, పైకి అన్నీ బాగానే కనిపిస్తాయి. ఏది తీసుకోవాలి, ఏది వదిలేయాలి అన్నది తేల్చుకోవడానికి ఈ ఒక్క అంకెనే పట్టుకుని నాలుగు రకాల పోలికలు వేసి చూద్దాం.

లారీల వరుస

ముందుగా చాలామందికి తట్టేది ఇదే. వస్తువును పేర్చడం, వరుసలో నిలబెట్టడం, చంద్రుడి దాకా నిచ్చెన వేయడం. ఈ అంకె విషయంలో ఆ పని నివేదికతో పాటు వచ్చిన ప్రకటనే చేసి పెట్టింది: ఈ చెత్తంతా 40 టన్నుల లారీల్లో నింపితే 15.5 లక్షల లారీలు అవుతాయి, వాటిని ఒకదాని వెనక ఒకటి ఆనించి నిలబెడితే దాదాపు భూమధ్యరేఖ చుట్టూ వస్తాయి.

వినడానికి గొప్పగా ఉంది కదా. నేనూ ఒక ప్రసంగం కోసం దీన్ని రాసుకున్నాను. చెప్పే ముందు అలవాటు కొద్దీ కాగితం మీద లెక్క వేశాను. 6.2 కోట్లను 40తో భాగిస్తే 15.5 లక్షలు, అక్కడి వరకు సరే. భూమధ్యరేఖ పొడవు సుమారు 40,075 కిలోమీటర్లు. దాన్ని 15.5 లక్షల లారీలకు పంచితే ఒక్కో లారీకి దాదాపు 26 మీటర్లు రావాలి. యూరప్ రోడ్ల మీద మామూలుగా తిరిగే ట్రైలర్ లారీకి నిబంధనల ప్రకారం గరిష్ఠ పొడవు 16.5 మీటర్లు. అలాంటివి 15.5 లక్షలు నిలబెడితే వరుస 25,600 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. భూమి చుట్టూ మూడింట రెండొంతులు కూడా నిండదు.

ఇంకో మెలిక ఉంది. 40 టన్నుల లారీ అంటే చాలాచోట్ల లారీ సొంత బరువుతో కలిపి 40 టన్నులు. ఎక్కించగలిగే సరుకు 25 టన్నుల దగ్గర ఉంటుంది. ఆ లెక్కన దాదాపు 25 లక్షల లారీలు కావాలి, అప్పుడు వరుస నిజంగానే భూమి చుట్టూ వస్తుంది! అంటే ఒక లెక్కలో లారీల సంఖ్య సరిపోతే వరుస సరిపోదు, వరుస సరిపోతే లారీల సంఖ్య మారిపోతుంది. సభలో లారీ నడిపిన మనిషి ఒక్కరున్నా ఇది అడగగలరు. దానికి మీ దగ్గర జవాబు లేకపోతే, తర్వాత మీరు చెప్పే సరైన అంకెల మీద కూడా అనుమానం పడుతుంది.

లెక్క సరిగ్గా కుదిరిందనే అనుకున్నా నాకు ఈ పోలిక మీద అంత ఇష్టం లేదు. భూమధ్యరేఖ చుట్టూ ఎవరూ నడవలేదు. 15.5 లక్షల లారీలను ఎవరూ చూడలేదు. తెలియని పెద్ద అంకెను తీసేసి ఇంకో రెండు తెలియని పెద్ద అంకెలు పెట్టాం, అంతే. విన్నవాళ్లు ‘అమ్మో’ అంటారు, నిజమే. కానీ అసలు చెత్త ఇందులో సగమే అయివుంటే? అప్పుడూ ‘అమ్మో’ అనే అనేవాళ్లు. పోలిక పనిచేస్తోందో లేదో పట్టుకోవడానికి నేను వాడే పరీక్ష ఇదే. అంకెను సగం చేసి, లేదా పదిరెట్లు చేసి, అదే పోలిక మళ్లీ చెప్పుకుంటాను. వినేవాళ్ల స్పందన మారకపోతే ఆ పోలిక పరిమాణాన్ని చెప్పడం లేదు, ఆశ్చర్యాన్ని మాత్రమే చెబుతోంది.

పేరు తెలుసు, బరువు తెలియదు

రెండో రకం, ప్రసిద్ధమైన కట్టడంతో పోల్చడం. ఈఫిల్ టవర్ ఇనుప చట్రం బరువు దాదాపు 7,300 టన్నులు. 6.2 కోట్ల టన్నులను ఏడాదిలోని గంటలతో భాగిస్తే గంటకు దాదాపు 7,080 టన్నులు వస్తాయి. అంటే గంటకు దాదాపు ఒక ఈఫిల్ టవర్ బరువంత చెత్త. లెక్క ముచ్చటగా కుదిరింది. గుణకం కూడా ఒకటి దగ్గరే ఉంది. ‘8,500 ఈఫిల్ టవర్లు’ అనడం కన్నా ఇది చాలా నయం.

అయినా ఒకసారి ఆలోచించండి. ఈఫిల్ టవర్ బొమ్మ అందరికీ తెలుసు. దాని బరువు ఎంతమందికి తెలుసు? అడిగితే కొందరు వెయ్యి టన్నులంటారు, కొందరు లక్ష అంటారు. మన చేతికి ఎప్పుడూ తగలని బరువుతో ఇంకో బరువును కొలుస్తున్నాం. పేరు పరిచయమైతే పరిమాణం కూడా పరిచయమైనట్టే అనుకోవడం ఈ పనిలో అన్నిటికన్నా మామూలు పొరపాటు. ఆ కట్టడం ఎత్తును ఇంకో ఎత్తుతో పోలిస్తే పర్వాలేదు, ఎత్తు బొమ్మలో కనిపిస్తుంది కాబట్టి. బరువుకు, ఘనపరిమాణానికి మాత్రం కట్టడాలు పనికిరావని నా అభిప్రాయం. ఈత కొలనులు, క్రీడా మైదానాలు కూడా ఇలాంటివే. మైదానం మీద తిరిగినవాళ్లకు దాని వైశాల్యం తెలుస్తుంది. టీవీలో మాత్రమే చూసినవాళ్లకు అది ఆకుపచ్చ దీర్ఘచతురస్రం.

సెకనుకు ఎంత?

మూడోది కాలంతో భాగించడం. ఏడాదికి 3,15,36,000 సెకన్లు. 6.2 కోట్లను దానితో భాగిస్తే సెకనుకు దాదాపు 2 టన్నులు. మామూలు కారు బరువు ఒకటిన్నర టన్ను లోపే ఉంటుంది కాబట్టి, సెకనుకో కారు కన్నా ఎక్కువ బరువైన చెత్త అనవచ్చు. ఇది వేదికకు బాగా నప్పే పోలిక. చదివేవాడికి సెకను కనిపించదు గానీ, వినేవాడికి కనిపిస్తుంది. ఒకటి, రెండు, మూడు అని వేళ్లతో చిటికె వేస్తూ మూడు సెకన్లు ఆగితే హాలంతా ఆ మూడు సెకన్లను అనుభవిస్తుంది. పుస్తకంలో ఆ పని చేయలేం.

దీన్ని పాడుచేసే పద్ధతి కూడా ఒకటుంది. ‘నేను మాట్లాడిన ఈ 20 నిమిషాల్లో 2,360 టన్నులు’ అని ముగించడం. అందంగా వచ్చిన సెకనును మళ్లీ తెలియని పెద్ద అంకెగా మార్చేస్తున్నాం. సెకను దగ్గర కుదిరితే సెకను దగ్గరే వదిలేయాలి.

ఇందులో అసలు లోపం వేరే ఉంది, అది కొంచెం లోతైనది. ప్రపంచం మొత్తానికి సంబంధించిన ఏ వార్షిక అంకెనైనా సెకన్లలోకి మారిస్తే భయంకరంగానే వినిపిస్తుంది. భూమి మీద సెకనుకు సుమారు నలుగురు పిల్లలు పుడుతున్నారు, ఇద్దరు మనుషులు చనిపోతున్నారు. అది విపత్తేమీ కాదు, 800 కోట్ల మంది ఉన్న చోట మామూలుగా జరిగేది. ‘సెకనుకు ఇంత’ అన్న మాటలో ఎంతమందికి ఇంత అన్నది కనపడకుండా పోతుంది. అందుకని వేగం చెప్పాలనుకున్నప్పుడు, అంటే ఏదో ఆగకుండా జరుగుతోందని గుర్తు చేయాలనుకున్నప్పుడు దీన్ని వాడవచ్చు. ఎక్కువా తక్కువా అని తేల్చడానికి ఇది పనికిరాదు.

బకెట్

నాలుగోది తలకు ఎంత అని భాగించడం. 2022లో జనాభా 800 కోట్లకు కాస్త తక్కువ. భాగిస్తే మనిషికి 7.8 కిలోలు. నివేదిక కూడా ఇదే అంకె ఇచ్చింది. ఇప్పుడు 7.8 కిలోలను చేతికి అందించాలి. ఒక లీటరు నీళ్లు ఒక కిలో. అంటే దాదాపు ఎనిమిది లీటర్ల నీళ్లు, పది లీటర్ల బకెట్ ముప్పావు వంతుకు కాస్త పైన నిండితే వచ్చేది. ఆ బరువు ఎత్తని మనిషి ఉండడు. భుజానికి, వేళ్లకు తెలుసు.

నేను చివరికి ఇదే తీసుకున్నాను, దానికి మూడు కారణాలున్నాయి. అంకె సగమైతే బకెట్ సగమవుతుంది, ఆ తేడా వినేవాళ్లకు తెలుస్తుంది. కాబట్టి పైన చెప్పిన పరీక్షలో ఇది నెగ్గింది. గుణకం ఒకటి, అంటే ఒక మనిషికి ఒక బకెట్. నలుగురున్న ఇంటికి నాలుగు. మూడోది, నాకు అన్నిటికన్నా నచ్చినది: దాని మీదే తర్వాతి అంకెలన్నీ చెప్పుకుపోవచ్చు.

ఆ ఏడాది చెత్తలో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైనది 22.3 శాతం. దీనికి మళ్లీ వేరే పోలిక వెతకక్కర్లేదు. ఆ బకెట్‌లోంచి రెండు లీటర్ల సీసాలోకి నీళ్లు పోస్తే, సీసా నిండకముందే ఆగిపోవాలి. 7.8 కిలోల్లో 22.3 శాతం అంటే దాదాపు 1.7 కిలోలు. ప్రాంతాల మధ్య తేడా చెప్పాలా? యూరప్‌లో తలకు 17.6 కిలోలు, ఆఫ్రికాలో 2.5 కిలోలు. ఒకరిది రెండు బకెట్లకు పైనే, ఇంకొకరిది బకెట్‌లో మూడో వంతు కూడా లేదు. ఒకే కొలపాత్రతో మూడు విషయాలు చెప్పాం. లారీలతో మొదలుపెట్టి, శాతానికి ‘వందమంది ఉన్న ఊరు’ అని, ప్రాంతాలకు ఏనుగులని ఇంకోటి తెచ్చి ఉంటే, వినేవాళ్లు ప్రతిసారీ కొత్త బొమ్మ గీసుకోవాల్సి వచ్చేది. ప్రసంగం వింటున్నవాళ్లకు వెనక్కి తిప్పి చూసుకునే పేజీ లేదు.

తల లెక్కకు ఇంకో ఉపయోగం కూడా ఉంది, అది సభ కోసం కాదు, మన కోసం. ఇంగ్లిష్ నివేదికల్లో ఈ అంకె ఒకచోట 62 మిలియన్ టన్నులనీ, ఇంకోచోట 62 బిలియన్ కిలోలనీ కనిపిస్తుంది. రెండూ ఒకటే. కానీ హడావుడిలో రెండూ కలిసిపోయి 62 బిలియన్ టన్నులని, అంటే 6,200 కోట్ల టన్నులని స్లైడ్ మీదికి వచ్చేస్తుంది. తలకు భాగించి చూస్తే మనిషికి 7,800 కిలోలు, పెద్ద ఏనుగు కన్నా ఎక్కువ. తప్పు అక్కడికక్కడే దొరికిపోతుంది. మిలియన్లను పది లక్షలుగా, బిలియన్లను వంద కోట్లుగా మార్చేటప్పుడు నాకు కనీసం రెండుసార్లు సున్నా జారింది. రెండుసార్లూ పట్టించింది ఈ భాగహారమే.

బకెట్ ఎక్కడ అబద్ధం చెబుతుంది

ఇంత మెచ్చుకున్నాక దాని లోపాలు కూడా చెప్పాలి, ఎందుకంటే సభలో ఇబ్బంది పెట్టేవి అవే.

మొదటిది సగటు. ‘మనలో ప్రతి ఒక్కరూ ఏడాదికి ఎనిమిది కిలోలు పారేస్తున్నాం’ అంటే అది తప్పు వాక్యం. పైన చూసినట్టు, ఒక ఖండంలో సగటు మనిషి ఇంకో ఖండంలోని సగటు మనిషికి ఏడు రెట్లు. పైగా ఈ చెత్తంతా ఇళ్లలోంచే రాదు, ఆఫీసులూ ఆసుపత్రులూ ఫ్యాక్టరీలూ పారేసేది కూడా ఉంటుంది. సరైన వాక్యం: ‘అందరికీ సమానంగా పంచితే తలా ఎనిమిది కిలోలు’. ‘పంచితే’ అన్న ఒక్క మాట మింగేస్తే లెక్క నేరారోపణ అయిపోతుంది. ముందు వరుసలో కూర్చున్నాయన ‘నేను ఐదేళ్లుగా ఒక్క ఫోను కూడా మార్చలేదండీ’ అంటే మీరు ఇరుక్కుపోతారు.

రెండోది మనసులో పడే బొమ్మ. ఎలక్ట్రానిక్ చెత్త అనగానే అందరూ ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఊహించుకుంటారు. కానీ ఫోన్లు, కంప్యూటర్ సామాను లాంటి చిన్న ఐటీ పరికరాలన్నీ కలిపి 46 లక్షల టన్నులే. బకెట్‌లో చూస్తే అర లీటరు కన్నా కాస్త ఎక్కువ. మిగతాదాంట్లో ఎక్కువ భాగం ఫ్రిజ్‌లు, వాషింగ్ మిషన్లు, స్క్రీన్లు, ఇంట్లో వాడే చిన్నాచితకా యంత్రాలు. కాబట్టి బకెట్ మాట చెప్పిన వెంటనే తెర మీద ఫోన్ల గుట్ట ఫొటో పెట్టకండి. చెవి ఒకటి వింటుంది, కన్ను ఇంకోటి గుర్తుపెట్టుకుంటుంది. పాత ఫ్రిజ్ ఫొటో అంత ఆకర్షణగా ఉండకపోవచ్చు గానీ నిజానికి దగ్గరగా ఉంటుంది.

మూడోది ఆ మిగిలిన 77.7 శాతం. అది ‘చెత్తకుప్పల్లోకి పోయింది’ అని చెప్పడానికి నోరు ఉబలాటపడుతుంది. నివేదిక చెప్పేది మాత్రం, అది పద్ధతి ప్రకారం రీసైకిల్ అయినట్టు నమోదు కాలేదని. అందులో కొంత లెక్కల్లోకి రాని చోట విడగొట్టి అమ్మేది, కొంత ఇతర దేశాలకు తరలేది కూడా ఉంది. సీసాలోకి పోశాక బకెట్‌లో మిగిలిన నీళ్లు చూపిస్తూ ‘దీని సంగతి కాగితాల్లో లేదు’ అనండి. అది కూడా బాగానే తగులుతుంది, పైగా నిజం.

ఇంకో చిన్న విషయం. బకెట్ బరువుకు మాత్రమే పోలిక, ఘనపరిమాణానికి కాదు. ఎనిమిది కిలోల వైర్లు, ప్లాస్టిక్ డబ్బాలు ఆ బకెట్‌లో పట్టవు. ‘బకెట్ నిండా చెత్త’ అనకుండా ‘బకెట్ నీళ్లు ఎత్తితే ఎంత బరువుంటుందో అంత’ అనాలి.

మరి ఏది ఎంచుకోవాలి

మీరు ఆ అంకె చెప్పి ఏం చేయించాలనుకుంటున్నారో దాన్ని బట్టి. ఇంటికి వెళ్లి తమ అల్మారా తెరిచి చూసుకోవాలంటే తలకు ఎంత అన్నదే సరైనది. ఇది ఆగని ప్రవాహం అని అనిపించాలంటే సెకను. రెండు ప్రాంతాల మధ్య, రెండు కాలాల మధ్య తేడా చూపాలంటే వస్తువులేమీ అక్కర్లేదు, ‘ఏడు రెట్లు’ అంటే చాలు. ఇలాంటి చోట పోలిక కోసం పాకులాడటం అనవసరమైన శ్రమ. కాలాల పోలికలో ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. 2010లో ఈ చెత్త 3.4 కోట్ల టన్నులు, అంటే మొత్తం 82 శాతం పెరిగింది. కానీ ఈలోపు జనం కూడా పెరిగారు. తలకు చూస్తే సుమారు 4.9 కిలోల నుంచి 7.8కి, పెరుగుదల 60 శాతం దగ్గర. ప్రసంగంలో బకెట్ చూపిస్తూ 82 శాతం అంటే రెండు వేర్వేరు లెక్కలు కలిసిపోతాయి. తల లెక్క ఎంచుకుంటే చివరి దాకా తల లెక్కే ఉండాలి.

లారీల వరుస ఎప్పుడూ వద్దా అంటే, పోస్టర్ మీద ఒక్క వాక్యమే పట్టేచోట, ఎవరూ ఎదురు ప్రశ్న వేయనిచోట పెట్టుకోవచ్చు. వేదిక మీద నేనైతే పెట్టను.

వేదిక మీద చెప్పే వరస కూడా ఎంపికలో భాగమే. అసలు అంకె ముందు ఒకసారి పూర్తిగా చెప్పండి, ఒక క్షణం ఆగండి, తర్వాత పోలిక. పోలిక ముందు చెప్పి అంకె తర్వాత చెబితే, విన్నవాళ్లు బకెట్ దగ్గరే ఆగిపోయి అంకె వదిలేస్తారు. నోటితో ‘దాదాపు ఎనిమిది కిలోలు’ అనండి, తెర మీద 7.8 ఉంచండి. కుదిరితే నిజంగానే నీళ్ల బకెట్ ఒకటి పక్కన పెట్టుకుని, ఒకరిని పిలిచి ఎత్తమనండి. మూత ఉన్నదైతే మంచిది. మైకు వైరు కింద ఎక్కడుందో చూసుకోకుండా ఒకసారి నేను పెద్ద టెన్షన్ పడ్డాను.

భాగహారం వేసిన కాగితం జేబులో పెట్టుకోండి: మొత్తం, జనాభా, ఏ సంవత్సరం, ఎక్కడిది, ఎంత వరకు గుండ్రంగా చేశారు. ఈ ఐదూ ఒక చీటీలో పడతాయి. ప్రశ్నల సమయంలో అది తీసి చదివితే చాలు.

ఎదురుగా ఉన్నది ఈ రంగంలోనే పనిచేసేవాళ్లయితే బకెట్ ఇంట్లోనే వదిలి వెళ్లండి. రోజూ టన్నుల్లో తూకం వేసేవాళ్లకు 6.2 కోట్ల టన్నులంటే ఎంతో తెలుసు. వాళ్లకు కావలసింది నిరుటి అంకె, ఈ ఏటి అంకె, రెండింటి మధ్య తేడా.